కొలిస్తే 21, కొన్నది 20, అయినా గోడలోకి దిగడం లేదు: కుళాయి మర సైజు ఎట్ల చూసుకోవాలి?

బురుజు వీధి (కర్నూలు)

బాత్రూంలో బకెట్ పట్టుకునే కుళాయి మార్చాలి. ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ కట్టేసి పాతది విప్పినా. దాని మర ఉన్న కొసకు స్కేలు ఆనించి చూస్తే అడ్డంగా 21 మిల్లీమీటర్లు వచ్చింది. కొట్టుకు పోయి "ఇరవై ఎం.ఎం. కుళాయి ఇయ్యండి" అని అడిగి తెచ్చుకున్నా. తీరా చూస్తే గోడలో ఉన్న మూతిలోకి ఒక్క చుట్టు కూడా దిగడం లేదు. పాతదాన్ని పక్కన పెట్టి చూస్తే కొత్తదాని మర చాలా లావుగా ఉంది. డబ్బా మీద మాత్రం 20 ఎం.ఎం. అనే రాసి ఉంది. కొట్టాయన తప్పు ఇచ్చినాడా, నేనే తప్పు కొలిచినానా?

ఇదే వరసలో హ్యాండ్ షవర్ పైపు, వాష్‌బేసిన్ కింద యాంగిల్ వాల్వ్ కూడా మార్చాలి. వాటికి ఇట్లా తిరగకుండా ముందే అడుగుతున్నా.

పాతూరు (అనంతపురం)

మీరు కొలిచింది సరిగ్గానే ఉంది, కొట్టాయన ఇచ్చింది కూడా మీరు అడిగిందే. తేడా అంతా పేరులో ఉంది.

మన కుళాయిల మీద రాసే 15, 20 అనేవి మర మందం కాదు. పూర్వం ఇనుప పైపు లోపలి బోలుకు పెట్టిన పేర్లు అవి. 15 ఎం.ఎం. అన్నా హాఫ్ ఇంచ్ అన్నా ఒకటే. ఆ మరను బయటి నుంచి కొలిస్తే దాదాపు 21 మి.మీ. ఉంటుంది. 20 ఎం.ఎం. అన్నా త్రీ ఫోర్త్ అన్నా ఒకటే, దాని మర 26 మి.మీ. పైచిలుకు. కాబట్టి మీ గోడలో ఉన్నది హాఫ్ ఇంచ్, మీరు తెచ్చింది త్రీ ఫోర్త్. కొట్లో ఈ పొరపాటు వారానికి రెండు సార్లయినా వస్తుంది, ఎందుకంటే 21కి దగ్గర్లో కనిపించే అంకె 20.

డబ్బా చిరగకుండా, టేపు చుట్టకుండా ఉంటే తీసుకుపోయి మార్చుకోండి. ఈసారి మిల్లీమీటర్లు చెప్పకండి, "హాఫ్ ఇంచ్ కుళాయి" అనండి. పాత కుళాయిని సంచీలో వేసుకుపోతే ఇంకా మంచిది.

ఎర్ర మట్టి (కడప)

మార్చుకోవాల్సిన పని లేదన్నా. త్రీ ఫోర్త్ నుంచి హాఫ్‌కు రెడ్యూసర్ దొరుకుతాది, అది పెట్టుకుంటే తెచ్చిన కుళాయే సరిపోతాది. పైగా ఇప్పుడు కట్టే ఇండ్లల్లో గోడ లోపల అంతా త్రీ ఫోర్త్ సీపీవీసీ పైపే ఏస్తాండారు. పెద్ద కుళాయికి నీళ్లు కూడా బాగా వస్తాయి.

పాతూరు (అనంతపురం)

తమ్ముడూ, గోడలో త్రీ ఫోర్త్ పైపు ఉండొచ్చన్నది నిజమే. అయితే కుళాయి దగ్గర పైపును బయటికి మలిపే ఎల్బో చాలా ఇండ్లలో ఒక పక్క త్రీ ఫోర్త్, ఇంకో పక్క హాఫ్ ఇంచ్ ఇత్తడి మూతి ఉన్నది. అందుకే లోపలి పైపు ఎంతున్నా టైల్స్ బయటికి కనపడేది హాఫ్ ఇంచే. నీళ్లు ఎంత వస్తాయన్నది ఆ మూతి దగ్గరే తేలిపోతుంది, ముందు పెద్ద కుళాయి బిగించినంత మాత్రాన పెరగవు.

రెడ్యూసర్‌తో పని నడుస్తుంది గానీ కుళాయి గోడ నుంచి అంగుళం పైన ముందుకు వస్తుంది, గోడ రంధ్రాన్ని కప్పే గుండ్రటి రేకు, అదే ఫ్లాంజ్, టైలుకు ఆనదు. బకెట్ తగిలినప్పుడల్లా ఆ బరువంతా గోడలోని ఎల్బో మీద పడుతుంది. ఒక జాయింటు ఉండాల్సిన చోట రెండు అవుతాయి. మార్చుకునే వీలున్నప్పుడు అది చేయడం ఎందుకు?

సున్నపురాయి (కర్నూలు)

వెర్నియర్ లేనివాళ్లకు ఒక పద్ధతి చెప్తా. స్కేలు అడ్డంగా పెడితే రెండు మిల్లీమీటర్లు ఇటూ అటూ అవుతాయి, గుండ్రటి వస్తువు కదా. దానికి బదులు సన్నటి కాగితం పట్టీ కత్తిరించి మర మీద ఒక్క చుట్టు బిగువుగా చుట్టి, కలిసిన చోట పెన్నుతో గీత పెట్టండి. విప్పి పరిచి స్కేలు మీద చూడండి. 66 మి.మీ. దగ్గర వస్తే హాఫ్ ఇంచ్. 83 వస్తే త్రీ ఫోర్త్. 52 వస్తే త్రీ ఎయిట్, అంటే మన కొట్లలో తక్కువగా కనపడే చిన్న మర. ఈ మూడింటి మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల తప్పు పోయినా ఏది ఏదో కలిసిపోదు.

ఇది బయటికి మర ఉన్నవాటికే. గోడ మూతిలో మర లోపలికి ఉంటుంది, దాన్ని కాగితంతో కొలవలేం. అక్కడ పాత కుళాయే కొలత. అది లేకపోతే హాఫ్ ఇంచ్ డమ్మీ ఒకటి కొని పెట్టుకోండి, కట్టుబడి అప్పుడు మూతులు మూయడానికి పెట్టే ప్లాస్టిక్ బిరడా. అది చేత్తో నాలుగు చుట్లు హాయిగా దిగితే మీది హాఫ్ ఇంచ్ మూతే.

గుత్తి కోట (అనంతపురం)

మాకు కూడా ఇదే సమస్య. కుళాయి హాఫ్ ఇంచే పెట్టించినాం, వాషింగ్ మెషీన్ పైపు దానికి పట్టడం లేదు. మెషీన్‌తో వచ్చిన ప్లాస్టిక్ క్లిప్పు తొడిగితే నీళ్లు వదిలినప్పుడల్లా ఊడి వస్తాది. ఈ థ్రెడ్డులో చెప్పినట్ల హాఫ్ ఇంచ్ కుళాయి వాడితే సరిపోవాలి కదా, ఎందుకు పట్టలేదు?

పాతూరు (అనంతపురం)

మీది వేరే ప్రశ్న అన్నా. బురుజు వీధి వారు గోడ వైపు అడుగుతున్నారు, మీకు ఇబ్బంది బయటి వైపు. వాషింగ్ మెషీన్ పైపు నట్టు మామూలుగా త్రీ ఫోర్త్ ఉంటుంది. దానికోసమే వాషింగ్ మెషీన్ కుళాయి అని వేరేగా అమ్ముతారు. గోడలోకి పోయే కొస హాఫ్ ఇంచ్, ముందు ముక్కు మీద త్రీ ఫోర్త్ మర. ముక్కు చుట్టూ కాగితం పెడితే 83 రావాలి. అది బిగిస్తే క్లిప్పుతో పని లేదు, నట్టు నేరుగా చేత్తో ఎక్కుతుంది. లోపల రబ్బరు వాషర్ ఉందో లేదో మాత్రం చూసుకోండి.

బురుజు వీధి (కర్నూలు)

కుళాయి మార్చిచ్చినారు, హాఫ్ ఇంచ్ తెచ్చుకున్నా. డమ్మీ కూడా కొన్నా. డమ్మీ బాగా దిగింది. కానీ కొత్త కుళాయి రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది, ఫ్లాంజ్ టైలుకు తగులుకుంటోంది. ఫ్లాంజ్ తీసేసినా మూడు చుట్లకు మించి పోవడం లేదు, కుళాయి మెడ టైలుకు ఆనుకుంటుంది. ఇంత పట్టు సరిపోతుందా? పాత కుళాయికి మర పొడుగ్గా ఉండె.

సున్నపురాయి (కర్నూలు)

సరిపోదు. హాఫ్ ఇంచ్ మరలో ఒక్కో చుట్టుకు 1.8 మి.మీ. ముందుకు పోతుంది. రెండు చుట్లంటే నాలుగు మిల్లీమీటర్లు కూడా పట్టుకోలేదన్నమాట. టేపు ఎంత చుట్టినా నీళ్లు ఆగొచ్చు గానీ కుళాయిని ఒకసారి గట్టిగా లాగితే ఊడొస్తుంది. కనీసం ఐదు చుట్లు, అంటే తొమ్మిది మిల్లీమీటర్ల పట్టు ఉండేట్టు చూసుకోండి.

మీ ఎల్బో టైలుకు లోపలికి ఉండిపోయింది. ఎంత లోపలికో కొలవండి. అగ్గిపుల్లను టైలు రంధ్రంలో పెట్టి ఇత్తడి అంచుకు ఆనించి, టైలు ముఖం దగ్గర గోరుతో పట్టుకుని బయటికి తీసి కొలవడమే.

బురుజు వీధి (కర్నూలు)

అగ్గిపుల్లతో 12 మి.మీ. వచ్చింది. కుళాయి మర పొడుగు 16.

సున్నపురాయి (కర్నూలు)

అదే లెక్క. 16లో 12 గోడ మందానికే పోయింది, మిగిలిన నాలుగే లోపల పట్టింది. మీకు హాఫ్ ఇంచ్ మర ఉన్న ఎక్స్‌టెన్షన్ నిపుల్ కావాలి. ఒక కొసన బయటి మర, ఇంకో కొసన లోపలి మర ఉంటుంది. పొడుగులు అర అంగుళం, అంగుళం, అంగుళంన్నర అని దొరుకుతాయి. ఇక్కడ మళ్లీ పేరు తికమక ఉంది: "హాఫ్ ఇంచ్ ఎక్స్‌టెన్షన్" అంటే మర హాఫ్ అనా, పొడుగు హాఫ్ అనా? రెండూ చెప్పండి: "హాఫ్ ఇంచ్ మర, అర అంగుళం పొడుగు". అర అంగుళం అంటే 12.7 మి.మీ., మీ 12కి అది టైలుతో సమానంగా వచ్చేస్తుంది. అంగుళం తెస్తే అదే కుళాయి మళ్లీ ముందుకు వచ్చి ఫ్లాంజ్ గాలిలో ఉంటుంది.

ఇత్తడిదే తీసుకోండి, లోపల ఆరు పలకల గాడి ఉన్నది చూడండి. దానిలో ఎల్-కీ పెట్టి బిగించవచ్చు. బయటి గుండ్రాన్ని పట్టకారుతో పట్టుకోవడానికి టైలు రంధ్రంలో చోటు ఉండదు.

ఎర్ర మట్టి (కడప)

టేపు మాత్రం పిసినారితనం చేయొద్దు. ముప్పై చుట్లు చుట్టండి. యాడ లీకు ఉన్నా టెఫ్లాన్ ఎక్కువ చుడితే ఆగిపోతాది. షవర్ పైపు నట్టుకు, కనెక్షన్ పైపు నట్టుకు కూడా అదే చేయండి.

పాతూరు (అనంతపురం)

ఇందులో సగమే ఒప్పుకుంటా.

గోడలోకి పోయే జాయింటు మర మీదనే నీళ్లు ఆపుతుంది. అక్కడ టేపు తప్పనిసరి. మన దగ్గర దొరికే పలుచని తెల్ల టేపు అయితే పన్నెండు నుంచి పదిహేను చుట్లు. మర కొసను మీ వైపు తిప్పి పట్టుకుని గడియారం ముళ్లు తిరిగే దిశలో, సాగదీసి బిగువుగా చుట్టండి. వ్యతిరేకంగా చుడితే బిగించేటప్పుడు టేపు ముడతపడి బయటికి పోగవుతుంది. ఆ తెల్ల కుచ్చు బయట కనపడితే లోపల టేపు లేదనే గుర్తు. కొత్త కుళాయిల మర నున్నగా మెరుస్తుంటుంది, టేపు జారుతుంది. హాక్సా బ్లేడుతో మర మీద అడ్డంగా నాలుగైదు చోట్ల చిన్న గీతలు పెడితే టేపు పట్టుకుంటుంది.

ముప్పై చుట్లు చుట్టి పైప్ రెంచితో బిగిస్తే సీపీవీసీలో పెద్ద ప్రమాదం. ఇత్తడి మూతి లేని ఉత్త ప్లాస్టిక్ ఎల్బో అయితే టేపు చీలలా పనిచేసి దాన్ని నిలువుగా చీలుస్తుంది. అప్పటికప్పుడు తెలియదు, వారం పది రోజుల తర్వాత ఫ్లాంజ్ కింద నుంచి తేమ దిగుతుంది, కుళాయి కట్టేసినా ఆగదు. అప్పుడు టైలు పగలగొట్టాల్సిందే. పాత ఇనుప పైపులకు వాడే జనపనార, సఫేదా కూడా సీపీవీసీకి వాడకండి. నూనె ఉన్న ముద్దలు కొన్ని ఆ ప్లాస్టిక్‌ను పాడు చేస్తాయి.

ఇక షవర్ పైపు నట్టు, కనెక్షన్ పైపు నట్టు. అక్కడ మర నీళ్లను ఆపదు, లోపలి రబ్బరు వాషరే ఆపుతుంది. మర చేసే పని ఆ వాషర్‌ను నొక్కి పట్టడమే. టేపు చుడితే నట్టు మధ్యలోనే బిగుసుకుపోయి, వాషర్ సరిగ్గా నొక్కుకోకముందే "బిగిసింది" అనిపిస్తుంది. అందుకే అక్కడ టేపు పెట్టినా కారుతుంది.

ఎర్ర మట్టి (కడప)

నేను చుట్టిన చోట ఆగింది కదన్నా. మా ఇంట్లో జెట్ పైపు నట్టుకు టేపు చుట్టినాకే కారడం నిలిచింది.

సున్నపురాయి (కర్నూలు)

ఆగడం సాధ్యమే. టేపు మరలో నిండి నీళ్లకు దారి ఇరుకైతే, ఓవర్‌హెడ్ ట్యాంకు తక్కువ ఒత్తిడికి చుక్క కూడా రాదు. పది మీటర్ల ఎత్తు నీళ్లకే ఒక బార్ ఒత్తిడి, ఒక అంతస్తు ఇంట్లో అందులో సగం కూడా ఉండదు. అదే ఇంట్లో ప్రెషర్ పంపు పెట్టిన రోజు మళ్లీ మొదలవుతుంది. విప్పి వాషర్ చూడండి, గట్టిపడిపోయి ఉంటుంది, లేదా ఒక పక్కకు జారి ఉంటుంది. మన బోరు నీళ్లకు వాషర్ ఆనే అంచు మీద తెల్లటి పొర పేరుకుంటుంది, దాన్ని వెనిగర్‌లో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే పోతుంది. కొత్త వాషర్ వేసి చేత్తో బిగించి, స్పానర్‌తో పావు చుట్టు. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. జెట్ పైపు విషయంలో ఇంకోటి, వాడనప్పుడు దాని యాంగిల్ వాల్వ్ కట్టేయండి. రోజంతా నీళ్ల ఒత్తిడి మోసే పైపు ఒకరోజు పగులుతుంది.

పెన్న గట్టు (కడప)

అన్నా, నాది కొంచెం వేరే కానీ ఈ మరల గోలే. మా తమ్ముడు కువైట్ నుంచి వాష్‌బేసిన్ మిక్సర్ పంపించినాడు. చల్లనీళ్లు, వేడినీళ్లు కలిపి ఒకే లివర్. దాని కింద రెండు అల్లిక పైపులు దానికే బిగించి వచ్చినాయి. మా యాంగిల్ వాల్వ్ హాఫ్ ఇంచ్ మర మీదికి ఆ పైపు నట్టు ఎక్కడం లేదు, చిన్నగా ఉంది. కడపలో మూడు కొట్లు తిరిగినా ఆ సైజు లేదన్నారు. మిక్సర్ మార్చే వీలు లేదు.

పాతూరు (అనంతపురం)

అక్కా, బయటి దేశాల బేసిన్ మిక్సర్లలో పైపు నట్టు త్రీ ఎయిట్ రావడం మామూలే. అక్కడ యాంగిల్ వాల్వ్ బయటి కొస అంతే ఉంటుంది, మనకు హాఫ్ ఇంచ్. మిక్సర్ బాగానే ఉంది, పైపులే మార్చాలి. ఆ పైపు మిక్సర్ లోపలికి పోయే కొస చాలా మిక్సర్లలో పది ఎం.ఎం. సన్న మర, దాని మీద ఓ-రింగు ఉంటుంది. "ఎం-టెన్ మిక్సర్ పైపు, ఇంకో కొస హాఫ్ ఇంచ్ నట్టు" అని అడగండి. జతగా అమ్ముతారు. ఒకదానికి కొస పొట్టిగా, ఇంకోదానికి పొడుగ్గా ఉంటుంది. రెండు పక్కపక్కనే బిగించాలి కాబట్టి స్పానర్‌కు చోటు దొరకాలని అట్లా చేస్తారు. ముందు పొట్టిది బిగించి తర్వాత పొడుగుది. అక్కడ టేపు వద్దు, ఓ-రింగు మీద చేత్తో బిగిస్తే చాలు.

ఎర్ర మట్టి (కడప)

అంత దూరం ఎందుకక్కా. హాఫ్ నుంచి త్రీ ఎయిట్ అడాప్టర్ ఆన్‌లైన్‌లో ఉంది. వాల్వ్ మీద పెట్టేసి పైపు బిగిస్తే సరి.

సున్నపురాయి (కర్నూలు)

ఈసారి మీ సలహాలో పని ఉంది, కానీ అడాప్టర్ ఏదైనా పనికిరాదు. ఒక పక్క లోపలి హాఫ్ ఇంచ్ మర, ఇంకో పక్క బయటి త్రీ ఎయిట్ మర కావాలి. ఆ త్రీ ఎయిట్ కొస ముఖం చదునుగా ఉండాలి, ఎందుకంటే పైపు నట్టులోని వాషర్ దానిమీదే ఆనాలి. చాలా అడాప్టర్ల కొస సన్నబడుతూ, అంచు పలుచగా ఉంటుంది. అది వాషర్‌ను కోస్తుంది తప్ప ఆపదు. హాఫ్ ఇంచ్ వైపు లోపల కూడా చదునైన వాషర్ పట్టే గూడు ఉండాలి. ఫొటోలో ఈ రెండూ కనపడకపోతే కొనవద్దు.

ముందు ఆ నట్టు నిజంగా మన దగ్గర వాడే బి.ఎస్.పి. రకం త్రీ ఎయిట్ మరేనా అన్నది తేల్చుకోండి. అది లోపలి మర కాబట్టి కాగితం పనికిరాదు. నట్టు మూతి లోపల అడ్డంగా ఎంతుందో కొలవండి. బి.ఎస్.పి. త్రీ ఎయిట్ లోపలి వెడల్పు 15 దగ్గర వస్తుంది. 13 దగ్గర వస్తే అది అమెరికాలో వాడే త్రీ ఎయిట్ కంప్రెషన్. పేరు అదే గానీ మర వేరు. ఆ వాల్వ్ కొస బయట 14.3 మి.మీ. మాత్రమే, చుట్టు కొలత 45, మర కూడా చాలా దగ్గర దగ్గరగా ఉంటుంది. కువైట్ సరుకులో ఆ అవకాశం తక్కువే, అమెరికా నుంచి తెచ్చిన కుళాయిల్లో అదే ఉంటుంది.

గుత్తి కోట (అనంతపురం)

అమెరికా మర మనకు సరిపోదంటారా? మా బావమరిది అక్కడి నుంచి షవర్ తెచ్చినాడు, హాఫ్ ఇంచ్ అని రాసి ఉంది, మన గోడ పైపుకు బాగానే ఎక్కింది.

సున్నపురాయి (కర్నూలు)

హాఫ్ ఇంచ్‌లో ఎక్కుతుంది, అదే చిక్కు. అక్కడి ఎన్.పి.టి. మరకూ మన బి.ఎస్.పి. మరకూ హాఫ్ ఇంచ్‌లో అంగుళానికి పద్నాలుగేసి చుట్లు, మందం కూడా దాదాపు ఒకటే. కానీ మర పల్లం కోణం వాళ్లది 60 డిగ్రీలు, మనది 55. ఎక్కినట్టే ఎక్కి పల్లంలో సన్నటి సందు మిగులుతుంది, నీళ్లు ఆ సందు వెంట మెలికలు తిరిగి బయటికి వస్తాయి. షవర్ తలకు పెద్ద ఒత్తిడి ఉండదు, లోపల రబ్బరు వాషర్ కూడా ఉంటుంది కాబట్టి మీకు ఆగి ఉంటుంది. ఎప్పుడూ ఒత్తిడి ఉండే గోడ వైపు మాత్రం ఆ రెండింటినీ కలపకండి.

బురుజు వీధి (కర్నూలు)

ఎక్స్‌టెన్షన్ దొరికింది, అర అంగుళం. పదమూడు చుట్లు టేపు చుట్టి ఎల్-కీతో బిగించినా, ఏడు చుట్లు పోయింది. టైలుతో సమానంగా వచ్చింది. దాని మీద కుళాయి బిగిస్తే మూతి పక్కకు, గడియారంలో తొమ్మిది చూపించే వైపు ఆగింది. కిందికి రావాలంటే ఇంకా ముప్పావు చుట్టు తిప్పాలి, చాలా బిగువుగా ఉంది. వెనక్కి పావు చుట్టు తిప్పితే కిందికి వస్తుంది. వెనక్కి తిప్పొచ్చా?

పాతూరు (అనంతపురం)

వద్దు. టేపు ముందుకు తిరిగేటప్పుడు పిండుకుని నిలబడుతుంది, వెనక్కి తిప్పితే తెగిపోయి సందు ఏర్పడుతుంది. ఇప్పుడు కారకపోయినా నాలుగు రోజులకు కారుతుంది. కుళాయి పూర్తిగా విప్పి, టేపు అంతా గీకేసి, ఈసారి మూడు నాలుగు చుట్లు తక్కువ చుట్టండి. అప్పుడు ఇంకా లోపలికి దిగుతుంది, ఆ ముప్పావు చుట్టు సునాయాసంగా పోతుంది. తక్కువ టేపుతో వదులు అనిపిస్తే రెండు చుట్లు ఎక్కువ వేసి, ఒక చుట్టు ముందే కిందికి వచ్చి ఆగేట్టు చూసుకోండి. ఈ అంచనా ఒకసారికి కుదరదు, రెండు మూడు సార్లు విప్పాల్సి వస్తుంది. విప్పేటప్పుడు ఎక్స్‌టెన్షన్ కూడా కుళాయితో పాటు తిరుగుతోందేమో చూడండి. తిరిగితే దానికి కూడా కొత్త టేపు వేయాలి.

యాంగిల్ వాల్వ్‌కు కూడా ఇదే పద్ధతి, దాని బయటి మూతి పైకో పక్కకో మీ పైపు వచ్చే వైపుకు నిలబడాలి. గోడ వైపు హాఫ్ ఇంచ్, పైపు వైపు హాఫ్ ఇంచ్, రెండూ బయటి మరలే. గోడ వైపు మాత్రమే టేపు. కనెక్షన్ పైపు 18 అంగుళాలా 24 అంగుళాలా అన్నది ముందే దారంతో కొలిచి తీసుకోండి. వంపు తిరగకుండా తిన్నగా సాగిన పైపు నట్టు దగ్గరే తెగుతుంది.

బురుజు వీధి (కర్నూలు)

షవర్ పైపుకు రెండు కొసలు వేరేగా ఉన్నాయి, ఒకటి ఆరు పలకల నట్టు, ఇంకోటి గరాటు మాదిరి. ఏది ఎటు?

సున్నపురాయి (కర్నూలు)

గరాటు కొస షవర్ పిడికి, పలకల నట్టు కుళాయి వైపుకు. రెండూ హాఫ్ ఇంచే, కాబట్టి తిరగేసి పెట్టినా ఎక్కుతుంది, కానీ పిడి స్టాండులో కూర్చోదు. పాత వాషర్ పాత మూతి లోపలే అంటుకుని ఉంటుంది, దాన్ని గీకి తీసేయండి. దాని మీద కొత్తది పడితే రెండు వాషర్లు అయి నట్టు రెండు చుట్లకు మించి పట్టదు. వంటింట్లో బయటికి లాగే పైపు ఉన్న సింకు కుళాయి అయితే ఈ లెక్క వర్తించదు, ఆ పైపు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, పాతది పట్టుకునే పోవాలి.

పెన్న గట్టు (కడప)

నట్టు మూతి లోపల కొలిచినా, 15 అనే వచ్చింది. అంటే మీరు చెప్పిన త్రీ ఎయిటే. ఒక పైపు మిక్సర్ నుంచి విప్పి చూసినా. మర సన్నగా ఉంది, పాతూరు అన్న చెప్పిన ఓ-రింగు కూడా ఉంది. కానీ ఆ కొసను కొలిస్తే పది కాదు, ఎనిమిదికి కొంచెం పైన వస్తోంది. నా దగ్గర స్కేలే ఉంది.

పాతూరు (అనంతపురం)

స్కేలుతో ఎనిమిది అంటే ఎనిమిదిన్నర కూడా కావొచ్చు, తొమ్మిది కూడా కావొచ్చు అక్కా. ఎం-టెన్ అయితే మర అంచు మీద దాదాపు పది ఉండాలి. ఎం-ఎయిట్ మర ఉన్న మిక్సర్లు కూడా ఉన్నాయి, వాటికి హాఫ్ ఇంచ్ నట్టుతో పైపు మన ఊళ్లలో దొరకడం కష్టం. కాగితం పట్టీ చుట్టి చూడండి, 31 దగ్గర వస్తే ఎం-టెన్, 25 వస్తే ఎం-ఎయిట్. ఎం-ఎయిట్ అయితే పైపు మార్చే ఆలోచన వదిలి, వాల్వ్‌నే మార్చుకోండి. గోడ వైపు హాఫ్ ఇంచ్, పైపు వైపు త్రీ ఎయిట్ ఉన్న యాంగిల్ వాల్వ్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అప్పుడు మిక్సర్‌తో వచ్చిన పైపులే నేరుగా పడతాయి.

ఎర్ర మట్టి (కడప)

అట్లయితే ఎం-టెన్ అయినా వాల్వ్ మార్చడమే మేలు కదా. మిక్సర్‌తో వచ్చిన పైపు మంచిది ఉంటాది.

పాతూరు (అనంతపురం)

అది ఒక వాదనే. రేపు ఆ పైపు పగిలితే మళ్లీ త్రీ ఎయిట్ నట్టు పైపు యాడ దొరుకుతుందన్నదే నా అనుమానం. హాఫ్ ఇంచ్ పైపు ఏ పల్లెటూరి కొట్లో అయినా ఉంటుంది. నేనైతే పైపే మారుస్తా, మీరు వాల్వ్ మార్చండి అంటారు. రెండూ నిలబడతాయి.

బురుజు వీధి (కర్నూలు)

కుళాయి మూడోసారికి సరిగ్గా కిందికి నిలబడింది, పది చుట్ల టేపుతో. వాల్వ్ తెరిచి ఫ్లాంజ్ కింద పేపరు ముక్క పెట్టి రాత్రంతా ఉంచినా. పొద్దున పొడిగానే ఉంది. షవర్ పైపు కూడా అయింది, పాత వాషర్ నిజంగానే లోపల అంటుకుని ఉండె. యాంగిల్ వాల్వ్ దగ్గర మాత్రం పాతది కదలడం లేదు, తిప్పితే గోడలోని ఎల్బో కూడా కదిలిన చప్పుడు వస్తోంది.

సున్నపురాయి (కర్నూలు)

అక్కడ ఆగండి, ఇంకొంచెం కూడా తిప్పకండి. ఎల్బో తిరిగితే గోడలోని సీపీవీసీ జాయింటు విడిపోతుంది. మర మీద వెనిగర్ తడిపిన గుడ్డ చుట్టి గంటసేపు ఉంచండి, తెల్లటి పొర మెత్తబడాలి. టైలు పక్కన ఎల్బో ఇత్తడి అంచు కనపడుతుందా, దాన్ని స్పానర్‌తో పట్టుకునే వీలుందా అన్న ఫొటో ఒకటి పెట్టండి. అది చూస్తే గానీ తర్వాత ఏం చేయాలో చెప్పలేను.

పెన్న గట్టు (కడప)

కాగితం చుట్టినా. 31 వచ్చింది.